సోమవారం మీటింగు, మూడో ప్రశ్న

నాకు ఓపిక తక్కువ. ఎదుటివాళ్ళు వాక్యం సగంలో ఉండగానే మిగతా సగం నేనే చెప్పేస్తాను. అలాంటి మనిషికి మేట్టుపాళయం పారిశ్రామికవాడలో అట్టపెట్టెలు చేసే కంపెనీలో ప్లానింగ్ టీము అప్పగించారు. కాగితం రీళ్ళు స్టోరులో ఉంటే మిషను ఆగి ఉండేది. మిషను తిరిగే రోజున రీళ్ళు దారిలో ఉండేవి. పెట్టెలు తయారయ్యేసరికి లారీ ఉండదు, లారీ వచ్చేసరికి పెట్టెల మీద జిగురు ఆరదు. ఎవరి పని వాళ్ళు బాగానే చేస్తున్నారు, కాకపోతే ఎవరి పని వాళ్ళకే తెలుసు. నేను రోజంతా ఒకరి దగ్గర విన్నది ఇంకొకరికి మోస్తూ షెడ్డులో చెప్పులరిగేలా తిరిగేదాన్ని.

తిరిగి తిరిగి విసుగొచ్చి ఒక ఉత్తరం రాశాను. ఇకనుంచి వారానికోసారి ప్లానింగ్ మీటింగు, శుక్రవారం పదిన్నరకి, మిషను షెడ్డు పక్క గదిలో. ముందు ఆ వారం ఆర్డర్లు చూస్తాం, రీళ్ళ నిల్వ చూస్తాం, మిషనుకి ఎన్ని గంటలు పడతాయో లెక్కేస్తాం, దాన్నిబట్టి లారీ చెబుతాం. తర్వాత ప్రతి ఒక్కరూ మూడు ప్రశ్నలకు జవాబివ్వాలి. పోయిన వారం ఏది పూర్తయింది? ఈ వారం ఏది చేస్తారు? ఎక్కడ సాయం కావాలి? ఇంగ్లీషులో నేను రాస్తే, స్టోరు చూసే ఆవిడ తమిళంలోకి దింపింది. నోటీసు బోర్డుకి అంటించి, ఫోన్లలో కూడా పంపించాం.

మధ్యాహ్నానికల్లా లోడింగు యార్డు చూసే బాబాయ్ నా బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆ ఊళ్ళోనే ముత్తియాల్‌పేట మనిషి. తాత ముత్తాతల నాటినుంచి వాళ్ళింట్లో తెలుగే, కానీ రాతంతా తమిళం. నేను యానాం నుంచి వచ్చాను, నాకు తమిళం మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. ఆ కంపెనీలో మేమిద్దరమే తెలుగువాళ్ళం. మొదట్లో ఆయన్ని "బాబాయ్ గారూ" అంటే ఆ "గారు"కి ఆయన రోజంతా నవ్వుకున్నాడు. నన్నేమో అమ్మా అనడానికి వట్టి "మా" అనేవాడు.

"ఏంది మా ఇది, శుక్రవారం పదిన్నరా? రాహుకాలం గదా."

స్టోరు ఆవిడ కూడా వెనకనుంచి అవునంది. నిజమే, ఊరంతా గోడ క్యాలెండరు చూసుకుని కదిలే చోట నేను కొత్త పనికి సరిగ్గా రాహుకాలాన్నే ఏరుకున్నాను. సరే అని గురువారం రెండింటికి మార్చాను. అదీ రాహుకాలమేనట. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. చివరికి క్యాలెండరు కాగితం దగ్గర పెట్టుకుని సోమవారం తొమ్మిదిన్నర ఖాయం చేశాను. అప్పటికి రాహువు దాటిపోతాడు.

"సోమవారం లారీలు వస్తాయి మా. నేను యార్డు ఇడిచి యాడికి వచ్చేది? నాతో ఏం పనుండాదో నువ్వే వచ్చి అడిగిపో, ఎప్పటిమాదిరి."

"ఎప్పటిలాగే అయితే మీటింగెందుకు బాబాయ్ గారూ? అరగంట చాలండి."

ఆయన నా మొహంలోకి చూస్తూ విన్నాడు. ఆయనెప్పుడూ అలాగే వినేవాడు, కళ్ళు పక్కకి తిప్పకుండా. మా వైపు నేను మాట్లాడుతుంటే ఫోను చూసుకునేవాళ్ళే ఎక్కువ కాబట్టి, ఈయన మర్యాద చూసి ముచ్చటపడేదాన్ని. ఆ రోజు మాత్రం ఒళ్ళు మండింది. రాహువు వంక పోయాక లారీల వంక వచ్చింది, పెద్దరికం పోతుందని మీటింగు ఎగ్గొట్టాలని చూస్తున్నాడనుకున్నాను.

మొదటి సోమవారం వచ్చాడు. గదిలో అయిదుగురం. ఫ్యాను గరగర, పక్క షెడ్డులో మిషను హోరు, అందరూ ఒకేసారి తమిళంలో మాట్లాడుతున్నారు. స్టోరు ఆవిడ ఆయన పక్కనుంచి, "రీళ్ళ లారీ ఎప్పుడొస్తుందన్నా?" అని అడిగింది. "ఆఁ, టార్పాలిన్ కట్టించేసినా," అన్నాడు. మిషను సూపర్‌వైజరు పగలబడి నవ్వాడు. ఆయనా నవ్వాడు. మూడో ప్రశ్న వచ్చేసరికి అందరూ వరసగా "ఏమీ వద్దు" అన్నారు. సాయం కావాలని నలుగురిలో చెప్పుకోవడం మనవాళ్ళకి చేతకాదు, చెప్పుకుంటే పని రాదన్నట్టు. ఆయన కూడా "ఏమీ వద్దు" అన్నాడు, అందరికంటే గట్టిగా.

తర్వాతి సోమవారమూ అదే వరస. నేనడిగింది ఒకటి, ఆయన చెప్పింది ఒకటి. నా మీటింగుని ఎగతాళి చేస్తున్నాడని నాకు గట్టిగా అనిపించింది. కడిగేద్దామని మీటింగవగానే యార్డుకి వెళ్ళాను.

లారీ వెనక్కి వస్తోంది. దాని వెనక నిలబడి చేతులతో డ్రైవరుకి దారి చూపిస్తున్నాడాయన. అదే సమయంలో ఇంకో చిన్న ట్రక్కు గేటులోంచి ఆయన వీపు వైపుకి వచ్చింది, హారను మోగిస్తూనే ఉంది. ఆయన తిరగలేదు. నేను అరిచాను. తిరగలేదు. క్వాలిటీ చూసే అమ్మాయి పరుగెత్తుకెళ్ళి చొక్కా పట్టుకుని ఇవతలికి లాగింది. ట్రక్కు ఆగింది. ఆయన తడబడి, చుట్టూ చూసి, "చూసినా, చూసినా," అన్నాడు. ఆయన చూడనూ లేదు, విననూ లేదు.

 కడిగేద్దామని వచ్చినదాన్ని అలాగే వెనక్కి నడిచాను. యార్డుకి రాకముందు ఇరవై ఏళ్ళపాటు ఆ అట్ట మిషను హోరులోనే పనిచేశాడని నాకు తెలుసు. ఆ చూపు మర్యాద కాదు. నా పెదాలు చదువుతున్నాడు.

ఆ వారమంతా నాకు కుదురు లేదు. అన్నం ముందు కూర్చున్నా, స్కూటరు మీద వెళ్తున్నా అదే ఆలోచన. చెబితే ఆయన ఉద్యోగం పోతుందేమో. చెప్పకపోతే మనిషే పోతాడేమో. అప్పటికి మాత్రం పెట్టెల తనిఖీ యార్డులోనే జరగాలని ఒక సాకు చెప్పి క్వాలిటీ అమ్మాయిని లారీల దగ్గర పెట్టాను. ఆ అమ్మాయి సాకు నమ్మినట్టు లేదు, అయినా ఏమీ అడగకుండా వెళ్ళి నిలబడింది.

ఆదివారం పొద్దున ముత్తియాల్‌పేట వెళ్ళాను. వాళ్ళ సందులోకి తిరగకముందే వాళ్ళింటి టీవీ వినబడింది. ఆయన భార్య నాకు కాఫీ ఇస్తూ నాతోనూ కేకలేసే మాట్లాడింది, అలవాటై. తనకే నవ్వొచ్చింది. ఆయన మాత్రం నవ్వలేదు. నన్ను చూడగానే విషయం తెలిసిపోయింది.

నేను ఎదురుగా కూర్చుని, నిదానంగా, నా జన్మలో ఎప్పుడూ లేనంత నిదానంగా చెప్పాను. "చెవులు చూపించుకోవాలండి. లారీ వెనక మీరు నిలబడకూడదు."

"మన కంపెనీలోనే ఒకడికి కన్ను మసకైంది మా. చెప్పుకున్నాడు. గేటుకాడ కూచోబెట్టినారు. నాలుగు నెల్లు పోతానే ఇంటికి పొమ్మన్నారు. నాకింకా నాలుగేండ్లు ఉండాది సర్వీసు. నోరు మూసుకోని ఉంటే గడిచిపోతుంది."

"మొన్న గడవలేదు కదండీ."

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు చెప్పేస్తావా?"

"రేపు కాదు, పై సోమవారం దాకా చూస్తాను. మీరే చెబితే సరే. లేకపోతే నేనే చెబుతాను. అప్పటిదాకా లారీ వెనక్కి వెళ్ళొద్దు."

ఆయన భార్య లోపలికి వెళ్ళిపోయింది. ఆ మాట అంటున్నప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది. కానీ వేరే దారి కనబడలేదు.

మర్నాటి మీటింగు ముక్తసరిగా ముగించి, ఆ సాయంత్రమే రెండో ఉత్తరం రాశాను. సోమవారం మీటింగులో మార్పులు. తలుపు మూయాలి, ఫ్యాను ఆపాలి. ఒక్కరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు ఆగాలి. మాట్లాడేవాళ్ళు లేచి బోర్డు దగ్గర, అందరికీ మొహం కనబడేలా నిలబడాలి. అనుకున్న పని, చేసే మనిషి, చేసే రోజు, మూడూ బోర్డు మీద రాయాలి. మూడో ప్రశ్నే ముందు అడుగుతాం. ఆఖరున ఒక వాక్యం కలిపాను: సాయం అడిగితే దాన్ని ఎవరి తప్పు కిందా రాయం. ఉత్తరం మేనేజరుకి చూపించాను. ఆయన సరేనని, వచ్చే సోమవారం తనూ వచ్చి కూర్చుంటానన్నాడు. ఆ మాటకి సంతోషించాలో భయపడాలో తెలియలేదు.

ఆ సోమవారం ఫ్యాను లేక అందరికీ చెమటలు. సూపర్‌వైజరు నోటీసు కాగితంతో విసురుకుంటూ గొణిగాడు. మేనేజరు గోడవైపు కుర్చీలో కూర్చున్నాడు. నేను మూడో ప్రశ్న అడిగాను. సూపర్‌వైజరు "ఏమీ వద్దు" అన్నాడు. స్టోరు ఆవిడ "ఏమీ వద్దు" అంది. బాబాయ్ లేచి బోర్డు దగ్గరికి వెళ్ళాడు. ఈయన కూడా ఆ రెండు మాటలే చెప్పి కూర్చుంటాడని, తర్వాత నేనే లేవాల్సి వస్తుందని భయపడ్డాను.

తమిళంలో అన్నాడు. తెలుగులో చెబితే ఇంతే: "లారీ వెనక నిలబడడానికి ఇంకొక మనిషి కావాలి. నాకు వెనకనుంచి వినబడదు."

 సూపర్‌వైజరు విసురుకునే కాగితం ఆగిపోయింది. మేనేజరు ముందుకు వంగి అడిగాడు, "ఎన్నాళ్ళుగా?"

అది మామూలు ప్రశ్న కాదు. దానికి నిజం చెబితే, ఇన్నేళ్ళు దాచి లారీల వెనక నిలబడ్డాడని తేలుతుంది. అబద్ధం చెబితే పక్కనున్నవాళ్ళే పట్టేస్తారు. నా తొందర నన్ను ఆగనివ్వలేదు. ఎప్పుడూ ఎదుటివాళ్ళ వాక్యాలు లాక్కునే అలవాటే కదా. ఆయనకి ఎదురుగా వెళ్ళి నిలబడి, మేనేజరు ప్రశ్ననే వినిపిస్తున్నట్టు తెలుగులో గట్టిగా అన్నాను. "మీతోపాటు యార్డులో ఎవరు కావాలని అడుగుతున్నారండి."

ఆయన ఒక్క క్షణం నా మొహం చూశాడు. తర్వాత క్వాలిటీ అమ్మాయిని చూపించి, "ఈ చిన్నది. దీని కేకకి లారీ ఏం, రైలుగూడా నిలుస్తుంది," అని తమిళంలో అన్నాడు. ఆ అమ్మాయి సిగ్గుపడింది. స్టోరు ఆవిడ ముందు నవ్వింది, తర్వాత అందరూ. మేనేజరు నావైపు చూశాడు, గోడకి అంటించిన ఉత్తరంలో ఆఖరి వాక్యం వైపు చూశాడు. మళ్ళీ అడగలేదు. నేను బోర్డు మీద రాశాను: లారీ వెనక ఆ అమ్మాయి, ఇవాళ్టినుంచి. లోడు వరస, కాగితాలు బాబాయ్. చెవుల డాక్టరు, బుధవారం.

మీటింగయ్యాక యార్డు వైపు నడుస్తుంటే ఆయన నా పక్కన నడిచాడు.  షెడ్డు మలుపు తిరిగాక ఆగి నావైపు తిరిగాడు.

"సారు అడిగింది అది కాదు గదా, మా."

"మీకెలా తెలిసిందండి?" అన్నాను.

"పెదాలు చూసేగదా ఇన్నేండ్లూ ఈదుకొచ్చినా," అన్నాడు. "నువ్వడిగిందే బాగుండాది. అందుకే దానికి జవాబు చెప్పినా."