తలుపు వేస్తే తగ్గే వెలుగు

మా ఆసుపత్రిలో ఆమెను అందరూ నెమ్మదక్క అనేవారు. నెట్‌వర్క్ విభాగంలో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి. ఏ తీగ ముట్టుకోబోయినా ముందు "నెమ్మది, నెమ్మది" అని తనకు తానే చెప్పుకునేది. మొదట్లో మేమంతా వెనకాల నవ్వుకున్నాం.

వాళ్ళ నాన్నకు కళ్ళజోళ్ళ దుకాణం ఉండేదట. ఆయన అద్దాలు అరగదీసేవాడు, పదేళ్ళ ఈ పిల్ల వాటిని తుడిచి పెట్టేది. "ఒకసారి గౌను అంచుతో తుడిచేశాను. నాన్న ఆ అద్దాన్ని కిటికీకి ఎదురుగా పట్టి, దానిమీద పడిన గీత చూపించాడు. పల్లెత్తు మాట అనలేదు. అనుంటే అప్పుడే మర్చిపోయేదాన్ని" అనేది. నాన్న పోయాక దుకాణం మూతపడింది. ఆమె సాంకేతిక కోర్సు చదివి, పదిహేనేళ్ళు రోడ్ల పక్కన వ్యానులో కూర్చుని ఫోను కేబుళ్ళలో ఉండే వెంట్రుకంత సన్నని గాజుపోగులు అతికించింది. నలభై దాటాక మా దగ్గరికి వచ్చింది.

నేను స్కానింగ్ టెక్నీషియన్‌ని. మేం తీసిన చిత్రాలు ఎదుటి భవనంలో కూర్చునే డాక్టర్లకు ఫైబర్ లైను మీద, అంటే గాజుపోగు లోపల వెలుగుగా మారి, వెళ్తాయి. వాళ్ళు చూసి రిపోర్టు రాస్తారు. ఆమె వచ్చిన ఏడాది వేసవిలో ఆ లైను పేచీ మొదలుపెట్టింది. పొద్దున్న పదింటికి చిత్రం సగం వెళ్ళి ఆగేది. రెండు నిమిషాలకు మళ్ళీ కదిలేది. సాయంత్రం జనం పలచబడ్డాక ఏ గొడవా ఉండేది కాదు.

నెమ్మదక్క అప్పుడు సెలవులో ఉంది, వాళ్ళమ్మకు మోకాలి ఆపరేషను. బయటినుంచి ఇంజనీర్లు రెండుసార్లు వచ్చారు. వరండా చివర ఉన్న ఇనుప బీరువా తెరిచి, లోపలి పెట్టెలకు మీటర్లు తగిలించి, "అంతా బ్రహ్మాండంగా ఉందమ్మా" అని వెళ్ళిపోయారు. వాళ్ళు అటు వెళ్ళగానే ఇటు లైను ఆగింది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఎదుటి భవనంలోని విసుగంతా నా మీదికి మళ్ళింది. చిత్రాలు సరిగ్గా పంపడం నాకు రావడం లేదంటూ సూపరింటెండెంటుగారు సంజాయిషీ అడుగుతూ కాగితం ఇచ్చారు.

నెమ్మదక్క వచ్చిన రోజే నా కాగితం చదివి, "పద, చూద్దాం" అంది.

బీరువా తలుపు తెరిచింది. లోపల, చిత్రాలను వెలుగుగా మార్చి పంపే పెట్టెకూ గోడమీది లైనుకూ మధ్య పసుపుపచ్చని తీగ ఉంది. లోపల గాజుపోగు ఉండే దీన్ని ప్యాచ్ కార్డ్ అంటారు. పంపే పెట్టెను ముందు ఆపేసి, ఆ కార్డును లాగకుండా, కొసనున్న ప్లాస్టిక్ తల పట్టుకుని విప్పింది. నేను ఆ కొసలోకి కన్ను పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దమ్మాయ్. ఈ వెలుగు కంటికి కనబడదు, కానీ కంటిని పాడుచేస్తుంది. ఇదుగో, దీన్లో చూడు."

చేతిలో ఇమిడే చిన్న పరికరం తెరమీద కొస పెద్దదై కనిపించింది. గుండ్రటి గాజు, దాని నడుమ జిడ్డు మరక, మరకకు అంటుకున్న ధూళి.

"ఊదితే పోదా అక్కా?"

"ఊదితే నీ నోటి తడి కూడా చేరుతుంది. చొక్కాతో తుడిస్తే పోగులు చేరతాయి. వేలు తగిలితే ఈ మరకే."

పెన్ను లాంటి శుభ్రంచేసే సాధనం కొసకు ఆనించి ఒక్కసారి నొక్కింది. మళ్ళీ చూసింది. మరక కొంచెం మిగిలింది. ఇంకోసారి నొక్కి, మళ్ళీ చూసింది. అద్దం తేటపడింది. రెండో కొసనూ, అవి గుచ్చుకునే రంధ్రాలనూ అలాగే చేసి, చూసుకున్నాకే బిగించింది.

రెండు రోజులు లైను చక్కగా నడిచింది. మూడోరోజు పదకొండింటికి మళ్ళీ ఆగింది. నాకు ఏడుపొచ్చింది. ఆమె మాత్రం నుదురు కొట్టుకుంది.

"నాదే పొరపాటు. ఒక దోషం దొరగ్గానే సంబరపడి రెండోది వెతకలేదు. ఒక్క మాట చెప్పు, ఇంజనీర్లు వచ్చినప్పుడల్లా తలుపు తెరిచే చూశారా?"

"తెరవకుండా ఎలా చూస్తారక్కా?"

"అదీ సంగతి" అంది.

మధ్యాహ్నం రోగులు లేని అరగంట అడిగి తీసుకుంది. నన్ను ఎదుటి భవనానికి పంపి, అక్కడి కొసను తుడిచి వెలుగు కొలిచే మీటరుకు ఎలా తగిలించాలో ఫోనులోనే చెప్పింది. మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతున్నట్టు లెక్క.

"ఎంతుంది?"

"మైనస్ పద్దెనిమిది."

ఫోనులో ఇనుప తలుపు మూసిన చప్పుడు. "ఇప్పుడు?"

"ఇరవై మూడు!"

"అలాగే చూస్తూ ఉండు. స్ట్రెచర్ బండి ఒకటి వస్తోంది."

"ఇరవై ఆరు... మళ్ళీ ఇరవై మూడు."

"ఇరవై నాలుగు దాటితే అవతలి పెట్టెకు వెలుగు ఆనదు. దొంగ దొరికాడు, వచ్చెయ్."

నేను పరుగున వెళ్ళేసరికి ఆమె తలుపు వేలెడంత తెరిచి టార్చి వేసి చూపించింది. తలుపు అంచుకూ అరకూ మధ్య ఆ పసుపు తీగ కాగితం మడతలా నలిగి ఉంది. తలుపు తీస్తే కాస్త సర్దుకుంటోంది. వేస్తే మడత పడుతోంది. వరండాలో బండి వెళ్ళి బీరువా అదిరినప్పుడు ఇంకాస్త నలుగుతోంది. కొసలు తుడిచాక పెరిగిన వెలుగుతో రెండు రోజులు నెట్టుకొచ్చింది, ఆలోపు మడత ముదిరింది. గాజులో వంకర మరీ ఎక్కువైతే వెలుగు మలుపు తిరగలేక బయటికి పోతుందట.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. వేసవి మొదట్లో తనిఖీ వస్తోందని, బయటికి వేలాడుతున్న ఆ తీగను లోపలికి కుక్కి తాళం వేసింది నేనే.

"అక్కా, ఇది... నేనే చేశాను."

ఆమె నా వంక చూసింది. "అలా చేయకూడదని నీకెవరైనా చెప్పారా?"

"లేదు."

"మరి తప్పు చెప్పనివాళ్ళది. అంటే నాది."

నలిగిన తీగను మళ్ళీ వాడకుండా పక్కన పడేసి, కొత్తదాని కొసలు చూసి, తుడిచి, తగిలించింది. మిగులు తీగను సాసరంత వెడల్పుగా వదులైన చుట్టలు చుట్టి, తలుపుకు దూరంగా మెత్తటి పట్టీతో, బిగించకుండా కట్టింది. నాతో తలుపు వేయించింది. ఎదుటి భవనంలో మీటరు దగ్గర నేను నిలబెట్టి వచ్చిన నర్సు ఫోనులో "పదిహేడు, కదలట్లేదు" అంది. అరడజను బండ్లు వెళ్ళినా అంతే.

సూపరింటెండెంటుగారికి ఆమె రాసిన నివేదిక నేను చూశాను. "కొసల్లో మురికి చేరింది. బీరువాలో తీగకు చోటు చాలక నలిగింది. రెండూ సరిచేశాం." అంతే. కుక్కినదెవరో అందులో లేదు. ఉండబట్టలేక నేనే వెళ్ళి చెప్పేశాను. ఆయన నా సంజాయిషీ కాగితం చింపి, "ఈ పని నువ్వూ నేర్చుకో" అన్నారు. నేర్చుకున్నాను. ఆమె పక్కన కూర్చుని, మూడు నెలలు, టీ విరామాల్లో.

నిన్న నెమ్మదక్క పదవీ విరమణ సభ. నన్ను మాట్లాడమన్నారు. మైకు ముందు రెండు ముక్కలు చెప్పి దిగిపోయాను. నా ఉద్యోగాన్నీ, నా పరువునూ కాపాడి, పైగా నా తప్పును తన ఖాతాలో వేసుకున్న మనిషికి అది చాలదు. అందుకే ఇంటికొచ్చి ఇదంతా రాసి, పొద్దున్నే ఆమె చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదివి, "చుట్ట సాసరంత అని రాశావు. వెడల్పు ఇంకొంచెం ఎక్కువున్నా నష్టం లేదని కూడా రాయి" అంది.