బొట్టు పెట్టిన కుర్చీ

కుర్చీ ఇంటికి వచ్చిన పూట నేను ఇంట్లో లేను. అది మాకు వద్దని మెయిల్ రాయడానికే ఎల్బీనగర్‌లో మా ఎడిటర్ ఇంటికి వెళ్లాను.

నేను గేములు ఆడుతూ మన తెలుగులో వాగే ఛానల్ ఒకటి నడుపుతాను. చూసేవాళ్లలో సగంమంది దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి కోచింగ్‌లకు తిరిగేవాళ్లే. కొత్తపేటలో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. మా ఆయన ఏసీలు బాగుచేయడానికి పొద్దున్నే వెళ్లిపోతాడు, ఇక ఇంట్లో నేనూ అత్తమ్మా. "పెండ్లయిన ఆడిది తుపాకి పట్టుకొని ఉరుకుడేందే" అని మొదట్లో ఆమె తల పట్టుకునేది. ఇప్పుడు నేను ఆటలో చచ్చిపోతే చాలు, "అయ్యో, ఎన్క జూస్కోవద్దా బిడ్డా" అని నాకంటే ముందు ఆమె ఉసూరుమంటుంది.

మా ఎడిటర్ గుంటూరు వైపు అమ్మాయి. చంటిపాపను ఒళ్లో వేసుకుని ఇంట్లోంచే పనిచేస్తుంది. బ్రాండ్ వీడియోకు ఏమొచ్చినా చెరిసగం అన్నది మా ఇద్దరి ఒప్పందం. కాగితం లేదు, మాట మీదే నడుస్తోంది.

ఆ కుర్చీల కంపెనీ రాసింది చాలా తీయగా ఉంది. గేములాడేవాళ్ల కోసమే చేసిన కుర్చీ ఉచితంగా పంపుతారట. బదులుగా దాని మీద ఒక పూర్తి వీడియో, రెండు షార్ట్‌లు చేయాలి, కింద లింకు పెట్టాలి. మా వీడియో ముక్కల్ని ఏడాదిపాటు వాళ్ల ప్రకటనల్లో వాడుకుంటారు. డబ్బు ఊసు మాత్రం లేదు. దాంతోపాటు ఒక ఫారం పంపి, మా రికార్డు కోసం చిరునామా నింపండి అన్నారు. నేను నింపేశాను. ఇంకా ఏదీ ఒప్పుకోలేదు కదా, చిరునామాకేముందిలే అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"చెరిసగమంటే కుర్చీ వీపు నాకిస్తారా అక్కా, కూర్చునేది మీరుంచుకుంటారా?" అని నవ్వింది ఎడిటర్. తర్వాత నవ్వు ఆపేసింది. "పెళ్లి వీడియోలు చేసే ఆయన రమ్మంటున్నాడండీ. ఈసారి కూడా వస్తువే పుచ్చుకుంటే నేను వెళ్లిపోతాను. ఏమనుకోకండి, నాకూ జరగాలి కదా."

నేను ఏమీ అనుకోలేదు. భయపడ్డాను. ఆమె లేకపోతే నా ఛానల్ లేదు. రెండు గంటలు ఆడిన ఆటలోంచి జనం నవ్వే పన్నెండు నిమిషాలు ఏరేది ఆమే.

ఆ భయమంతా కోపమైంది. మీ కుర్చీ మా కిరాయి కడుతుందా, మీ ఆఫీసులో మీకూ జీతానికి బదులు కుర్చీలే ఇస్తారా అని మెయిల్ మొదలుపెట్టాను. ఎడిటర్ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "ఇది చదివే పిల్ల కూడా నెల జీతానికి చేసేదేనక్కా. ఆ పిల్లనంటే ఏం లాభం?" అంటూ అంతా చెరిపేసింది.

చివరికి పంపింది ఇది: "మా ఛానల్‌ను గుర్తుపెట్టుకున్నందుకు సంతోషం. మీ కుర్చీ బాగుంది. కానీ ఒక వీడియో వెనక రాయడం, ఆడటం, ఎడిట్ చేయడం ఉన్నాయి. ఇద్దరం చేసే పని అది. అందుకని ఉత్పత్తిని పారితోషికంగా తీసుకుని వీడియోలు చేయలేము, మన్నించండి. మా రేట్లు జతచేశాం. ప్రకటనల్లో వాడుకునే హక్కు రేటు విడిగా ఉంది. ఇప్పుడు బడ్జెట్ లేకపోతే, ఉన్నప్పుడు తప్పకుండా కలిసి పనిచేద్దాం."

అంత మర్యాద నాలో ఉందని నాకే తెలియదు. ఆటోలో తిరిగొస్తుంటే మనసు తేలికగా ఉంది.

తలుపు తీసేసరికి గది నడుమ కుర్చీ ఉంది. నలుపు మీద తెల్ల అంచు, తల ఆనే చోట ఆ అంచు మీద పసుపు రాసి పెట్టిన పెద్ద కుంకుమ బొట్టు. అందులో అత్తమ్మ కాళ్లు చాపుకుని కూర్చుంది. పై వాటాలో ఉండే ఆయనను బతిమాలి బిగించుకుందట. మా ఇంట్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా, ఫ్యానైనా గ్రైండరైనా, ఆమె చేతి బొట్టు పడాల్సిందే. నా కంప్యూటర్‌కూ పెట్టింది.

"కొబ్బరికాయ కొట్టనీకె నువ్వొచ్చేదాంక ఆగిన," అంది. "నడుముకు ఎంత మంచిగుందో బిడ్డా."

ఆమె మోకాళ్లు వంగవు. నాట్లేసి నాట్లేసి నడుము పోయింది. ప్లాస్టిక్ కుర్చీలో పది నిమిషాలు కూర్చోలేదు. నేలమీద కూర్చుంటే గోడ పట్టుకునే లేవాలి. అలాంటి మనిషి ఆ కుర్చీలో పూర్తిగా వెనక్కి వాలింది. నేను ఆమెనలా చూడటం అదే మొదలు.

"అత్తమ్మా, ఇది వాపస్ పంపాలె."

"ఇంటికొచ్చినదాన్ని ఎల్లగొడ్తవా? ఊకెనే ఇచ్చిన్రు గదనే."

"ఊకెనే కాదు. దీనికి వీడియోలు చెయ్యాలె."

"అయితే చెయ్యి. రోజు చేస్తనే ఉంటవు గద."

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. నోరు జారాను. "మీరు నాట్లకు పోతే కైకిలి పైసలియ్యకుండ పాత చీరలిస్తే తీస్కున్నరా?"

అత్తమ్మ నన్ను వింతగా చూసింది. "తీస్కున్నం. చీర గూడ లేకుంటె ఎట్ల?"

నేను కొబ్బరికాయ తీసి లోపల పెట్టేశాను.

మర్నాడు కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. వాళ్లూ అంతే మర్యాదగా రాశారు. బడ్జెట్ లేదు, కుర్చీ పొరపాటున ముందే బయలుదేరిందట. వాపసు తీసుకుంటాం, లేదా ఉంచుకోండి, ఒక్క షార్ట్ చేస్తే చాలు అన్నారు.

ఒక్క షార్ట్. నిమిషం కూడా ఉండదు. ఎడిటర్ అక్కర్లేదు, నేనే ఫోన్‌లో చేసేయగలను. కానీ అది ఛానల్‌లో కనిపిస్తుంది. ఎడిటర్ చూస్తుంది. రేపు వచ్చే బ్రాండూ చూసి, వీళ్లకు వస్తువు పడేస్తే చాలంటుంది. పోనీ కొందామా అంటే, ఆ నెల మా వల్ల అయ్యే ధర కాదు. అవతలి గదిలో కుర్చీ చక్రాలు కిర్రుమంటుంటే రెండోసారి కూడా వద్దనే రాశాను. ఈసారి కోపం రాలేదు, ఏడుపొచ్చింది. బొట్టు ఫోటో కూడా పంపాను, దాచడమెందుకని. పర్వాలేదు, మనిషి వస్తాడన్నారు.

మనిషి వచ్చే ముందు అత్తమ్మ తడిగుడ్డతో బొట్టు తుడిచింది. తెల్ల అంచు మీద ఎర్రటి మచ్చ పోలేదు. "ఎంత రుద్దినా పోతలేదు," అంది గుడ్డ పిండుకుంటూ. కుర్చీని తీసుకెళ్లాక రెండు రోజులు ఆమె నా ఆట చూడటానికి రాలేదు. మూడో రోజు అన్నం వడ్డించి, "తిను" అంది.

ఎడిటర్ వెళ్లిపోలేదు. డబ్బిచ్చే బ్రాండ్ మాత్రం ఇంకా రాలేదు. రోజూ మెయిల్ తెరిచి చూడటమే మా ఇద్దరి పనైంది.

కొన్ని వారాలకు, ఒక మధ్యాహ్నం అత్తమ్మ నా ఫోన్‌లో వీడియోలు పైకి జరుపుతూ ఒకచోట ఆగింది. ఎవరో కుర్రాడి ఛానల్. అదే కుర్చీలో గిర్రున తిరుగుతూ, ఫ్రీగా పంపారు ఫ్రెండ్స్ అని మురిసిపోతున్నాడు. అతని చెవి పక్కన, తెల్ల అంచు మీద, ఎర్రటి మచ్చ.

"గిది మన కుర్చీయే గదనే?"

"అవునత్తమ్మా."

ఆ కుర్రాడి వీడియో ఎవరు ఎడిట్ చేశారో, వాళ్లకేం ముట్టిందో అనుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం ఒట్టి కడుపుమంట.

అత్తమ్మ తెరను కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. "పోనీ. మన బొట్టు ఆ పిలగానికి గలిసొచ్చింది," అంది. తర్వాత ఫోన్ నా ఒళ్లో పెట్టి, గోడ పట్టుకుని మెల్లగా లేచింది.