ఒక్క రోజులో జాకెట్టు అని రాసింది నేనే

మా మరదలి కుట్టు దుకాణానికి నేను మొదట రాసిన వెబ్‌సైటు పేజీ ఇప్పుడు ఎక్కడా కనబడదు. నా చేత్తోనే తీసేశాను. అందులోని వాక్యాలు మాత్రం ఒక్కటీ మర్చిపోలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు ఉన్నట్టుండి గుర్తొస్తాయి, చెవులు వేడెక్కుతాయి.

నేను పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో తూకాలు చూస్తాను. చదువు పదో తరగతితో ఆగిపోయింది. బస్తా జీడిపిక్కలకి ఎన్ని కిలోల పప్పు దిగుతుందో, అందులో ముక్క ఎంతో, పగలని గుండు ఎంతో, గోనె సంచుల మధ్య నిలబడి నేర్చుకున్నాను. కంప్యూటరూ అలాగే, తప్పులు చేసుకుంటూ. ఫ్యాక్టరీకి ఒక వెబ్‌సైటు చేసిపెట్టాక ఇంట్లో నా పరపతి పెరిగింది. ఆ మాట విని, టెక్కలిలో దుకాణం నడిపే మా ఆవిడ చెల్లెలు నాకు కబురు పెట్టింది.

బస్సు కాంప్లెక్సు వెనక సందులో ఆమెది చిన్న గది. ఒక మిషను, కత్తిరింపుల బల్ల, గోడకి వేలాడే జాకెట్లు. పదిహేడేళ్లుగా అక్కడే కుడుతోంది. ప్రచారం అంటే ఏమిటో ఆమెకి తెలీదు, ఎప్పుడూ అవసరం పడలేదు. ఆమె అడిగింది చాలా చిన్నది.

"సముద్రం పక్క ఊళ్ల నుంచి రెండు బస్సులెక్కి వత్తన్నారు బావా. ఆది జాకెట్టు తేకుండా వచ్చి ఉత్తి చేతుల్తో ఎల్లిపోతన్నారు. ఫోన్లో సూస్తే తెలిసేలాగ రాసీ. ఏటి తేవాలి, ఎప్పుడు రావాలి, ఎక్కడికి రావాలి. అంతే."

ఆది జాకెట్టంటే మనిషికి సరిగ్గా సరిపోయిన పాత జాకెట్టు. దాన్ని బల్ల మీద పరిచి కొత్తదానికి కొలతలు తీసుకుంటారు.

"టేపు ఉంది కదా, మనిషినే కొలవొచ్చు కదా?" అన్నాను.

"కొత్తోళ్లు సిగ్గుకి ఊపిరి బిగబట్టేత్తారు. ఆ కొలతతో కుడితే ఇంటికెల్లి ఊపిరి ఒదిలీసరికి బిగుసుకుపోద్ది. నీకు లెక్కలొచ్చు గాని ఆడోళ్ల సంగతి తెల్దు బావా," అని నవ్వింది.

ఇంకో మాట కూడా చెప్పింది. "నానన్న తేదీకి ఇచ్చేత్తాను. ఇప్పటిదాకా మాట తప్పలేదు. అది రాయి." నేను తలూపాను. నా మనసులో మాత్రం, ఇదేం గొప్ప, ఎవరైనా అనే మాటే కదా అనుకున్నాను.

ఇంటికొచ్చి వెబ్‌సైట్లకి ముందే తయారుగా ఉండే నమూనా ఒకటి తెరిచాను. పైన పెద్ద ఫోటోకి చోటు, దాని మీద ఒక వాక్యానికి చోటు. "మీ అందానికి మా కుట్టు సంతకం" అని రాశాను. "నాణ్యతే మా శ్వాస" అన్నాను. ఆమె గురించి చెప్పే రెండో పేజీలో "చిన్ననాటి నుంచే ఫ్యాషన్ రంగంపై మక్కువతో" అని మొదలుపెట్టాను. ఆమె మిషను నేర్చుకున్నది పదో తరగతి తప్పాక, తల్లి తిట్లు భరించలేక. ఆ సంగతి నాకు తెలుసు.

ఆ ఆదివారం దుకాణానికి వెళ్లి మొత్తం చదివి వినిపించాను. మిషను ఆపకుండానే వింది. "సంతకమేటి బావా, నా సంతకమే ఒకపాలి వచ్చినట్టు ఇంకోపాలి రాదు," అంది. తర్వాత, "నువ్వు సదువుకున్నోడివి, నీకు తెలుసులే," అంది. ఆ నమ్మకం మీద సరే అంది.

ఆమె సరే అన్నాక నేను ఒక పని చేశాను. ఆ నమూనాలో ఫోటో కింద మూడు గుండ్రాలున్నాయి, ఒక్కోదాంట్లో ఒక అంకె వేసుకోమని. అనుభవం గుండ్రంలో పదిహేడేళ్లు వేశాను. కుట్టిన జాకెట్ల గుండ్రంలో నా అంచనా వేశాను. మూడోది, ఎంత సమయంలో ఇస్తారో చెప్పేది, ఖాళీగా ఉంది. ఖాళీ గడి కనబడితే నాకు తోచదు. ఆ ఆదివారం ఆమె పని చేస్తుంటే గడియారం చూశాను: కత్తిరింపు ఇరవై నిమిషాలు, కుట్టు గంటన్నర, హుక్కులూ చేతికుట్టూ చేసే పక్క వీధి ఆవిడకి అరగంట. కలిపితే రెండు గంటల ఇరవై నిమిషాలు. దుకాణం తెరిచి ఉండేది రోజుకి తొమ్మిది గంటలు. భాగిస్తే రోజుకి మూడు జాకెట్లు పోను ఇంకా మిగులు. ఎంతో ఉదారంగా వదిలానని అనుకుంటూ "24 గంటలు" అని వేశాను. పక్కన "ఒక్క రోజులో మీ జాకెట్టు సిద్ధం" అని రాశాను.

ఆమెకి చెప్పలేదు. ఇంత చిన్నదానికి మళ్లీ టెక్కలి వెళ్లాలా అనుకున్నాను. ఫోన్ కూడా చెయ్యలేదు.

పెళ్లిళ్ల రోజులొచ్చాయి. ఇచ్ఛాపురం అవతల డొంకూరు నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చారట. సముద్రం మీద చేపల వేటకెళ్లే ఇంటివాళ్లు. కూతురి పెళ్లి ఎల్లుండి. కుట్టుకి ఇచ్చినావిడ జబ్బుపడితే, అమ్మాయి ఫోన్లో వెతికి మా పేజీ చూసి, ఒక్క రోజులో అన్న మాట నమ్మి అంత దూరం వచ్చారు. అమ్మాయి ఫోన్ చూపించింది. అందులో తన దుకాణం పేరు, దాని కింద తను ఎన్నడూ అనని మాట చూసింది మా మరదలు. "ఇది నాను సెప్పలేదు" అనలేదు. గుడ్డ తీసుకుంది.

నా లెక్కలో లేనిది ఒకటుంది. నూలు లైనింగు గుడ్డని కత్తిరించే ముందు నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చెయ్యాలి. మొదటి తడికి అది ముడుచుకుపోతుంది. పై గుడ్డ ముడుచుకోదు. ముందే తడపకపోతే, జాకెట్టు ఉతికినప్పుడు లోపలి గుడ్డ పైదాన్ని లాగేసి ముడతలు పడేస్తుంది. దానికి ఒక రోజు కావాలి. ఆ రోజు మబ్బు. ఆమె నీళ్లు చిలకరించి ఇస్త్రీతో సరిపెట్టింది. ఒక టీచరమ్మకి అదే రోజు ఇస్తానన్న జాకెట్లు రెండు పక్కన పెట్టింది. పదిహేడేళ్లలో మొదటిసారి ఒకరికి "రేపు రండి" అంది.

ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పుడు నేను పేజీని ఎందరు చూశారో లెక్క చూసుకుని సంబరపడుతున్నాను.

నెల దాటాక ఒక ఆదివారం, ఆ లెక్క చూపించడానికే టెక్కలి వెళ్లాను. స్టూలు మీద కూర్చుని ఫోన్ తీసేసరికి డొంకూరు ఆవిడ లోపలికొచ్చింది. సంచిలోంచి జాకెట్టు తీసి బల్ల మీద పరిచింది. వీపంతా ముడతలు, నీళ్లలో నానిన వేలి చర్మంలాగ.

"ఒక్కపాలి ఉతికినానమ్మా. పెళ్లి జాకెట్టు, దాసుకుంటాదని అనుకున్నాం. తొడిగితే సంకల కాడ పట్టేత్తంది. పిల్ల ఏడిసినాది," అంది. అరిస్తే బాగుండేది, అరవలేదు.

మా మరదలు జాకెట్టు తిరగేసి లోపలి గుడ్డని వేళ్లతో తడిమింది. "తప్పు నాదేనమ్మా. తడపకుండా కుట్టీసినాను. తొందర పడిపోనాను," అంది.

ఆవిడ, "మీరు ఒక్క రోజులో అని రాసుకున్నారు కదా, మీకు అలవాటే అనుకున్నాను," అంది.

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. "రాసింది నేను" అనడానికి మూడు క్షణాలు చాలు. అనలేదు. జాకెట్టుకున్న హుక్కులు లెక్కపెట్టాను. ఆరు. మళ్లీ లెక్కపెట్టాను. ఆవిడ నన్ను చూసి ఎవరో దుకాణానికి వచ్చిన మనిషనుకుంది. నేనూ అలాగే ఉండిపోయాను. లైనింగు మార్చి పంపుతానని మా మరదలు చెప్పింది, ఆవిడ వెళ్లిపోయింది.

మా మరదలు అప్పుడు నా వైపు తిరిగింది.

"ఆ ఒక్క రోజు ముక్క నాను నిన్ను రాయమన్నానా బావా?"

"లేదు."

"నాకు సదివినప్పుడు ఉందా అది?"

"లేదు. తర్వాత వేశాను."

"ఎందుకు?"

ఖాళీ గడి ఉందని చెప్పాను. చెప్తుంటే నాకే ఎలాగో అనిపించింది. ఆమె కొట్టేట్టు చూసింది, తర్వాత ఒక లైనింగు ముక్క నా ఒళ్లో పడేసింది. "బక్కెట్లో నానబెట్టు. గడియారం సూసుకో. ఎండిందాకా ఇక్కడే కూకో. అప్పుడు లెక్కెయ్యి."

కూర్చున్నాను. గుడ్డ నానడం, పిండడం, దండెం మీద ఆరడం చూశాను. అది ఆరేలోగా వచ్చినవాళ్లు ఏమడుగుతున్నారో విన్నాను. ఎన్నాళ్లు పడుతుందమ్మా? లైనింగు మేం తేవాలా? ఆదివారం ఉంటారా? నాణ్యత గురించి ఒక్కరూ అడగలేదు. వాళ్ల ప్రశ్నలనే కాగితం మీద వరుసగా రాసుకుని, ఆమె చెప్పే జవాబులు కింద రాశాను. సాయంత్రానికి మొదటి పేజీ తయారైంది. మూడు గుండ్రాలూ తీసేశాను.

"టెక్కలి బస్సు కాంప్లెక్సు వెనక సందులో ఆడవాళ్ల జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు, పిల్లల గౌన్లు కుడతాను. వచ్చేటప్పుడు మీకు సరిగ్గా సరిపోయిన ఆది జాకెట్టు తెండి. లైనింగు జాకెట్టుకి కనీసం నాలుగు రోజులు కావాలి, ఎందుకంటే గుడ్డ తడిపి ఆరబెట్టాకే కత్తిరిస్తాను. పెళ్లిళ్ల రోజుల్లో ఎక్కువ పడుతుంది. దూరం నుంచి వచ్చేవాళ్లు ముందు ఫోన్ చేసి తేదీ అడగండి."

రెండో పేజీ ఇంకా చిన్నది. "పదిహేడేళ్లుగా ఇదే గదిలో నేనే కుడుతున్నాను. హుక్కులూ చేతికుట్టూ పక్క వీధి ఆవిడ చేస్తుంది. చెప్పిన తేదీకి ఇస్తాను. నా వల్ల తప్పు జరిగితే మళ్లీ కుట్టి ఇస్తాను." చదివి వినిపిస్తుంటే, చెప్పిన తేదీకి ఇస్తాను అన్న చోట ఆమె నన్ను ఆపింది.

"ఒకపాలి తప్పినాను కదా. టీచరమ్మకి తెలుసు. 'ఇవ్వడానికే సూత్తాను' అని రాయి."

ఆ మాట మార్చింది నా వల్ల. మార్చిన వాక్యం ఇప్పటికీ ఆ పేజీలో ఉంది.

నాలుగో రోజు ఫ్యాక్టరీలో సెలవు పెట్టి, బాగుచేసిన జాకెట్టు తీసుకుని డొంకూరు వెళ్లాను. ఇచ్ఛాపురంలో దిగి ఆటో ఎక్కాను. ఆవిడ ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. జాకెట్టు ఇచ్చి, నిలబడే చెప్పాను. "ఒక్క రోజులో అని రాసింది టైలరమ్మ కాదమ్మా. నేను. ఆవిడకి తెలీకుండా రాశాను. ఆ రోజు దుకాణంలో స్టూలు మీద ఉన్నది నేనే."

ఆవిడ నన్ను పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. "మరైతే ఆయమ్మ తప్పు నాదేనని ఎందుకన్నాది?"



ఆవిడ చేతులు కడుక్కుని జాకెట్టు తిరగేసి లోపలి కుట్టు చూసింది, ఇంట్లోకి తీసుకెళ్లింది. తిరిగొచ్చి, "చిన్నదానికి రెండు జాకెట్లు కుట్టించాల. ఎన్నాళ్లు పడతాది?" అని అడిగింది.

నాలుగు రోజులని నాకు తెలుసు. పెళ్లిళ్ల తాకిడి తగ్గింది, నాలుగే చాలు. నోటి దాకా వచ్చింది.

"నేను చెప్పకూడదమ్మా. ఫోన్ చేసి ఆవిడనే అడగండి," అన్నాను.