తలుపు దాకా వెళ్లిన మెయిల్

ఆసుపత్రి వెబ్ అప్లికేషన్ నుంచి రోగులకు మెయిళ్లు ఆగిపోయి రెండు రోజులైంది. పదకొండేళ్లుగా దాన్ని చూసుకుంటున్న సీనియర్‌కు లాగ్‌లో కనిపించిన ‘కనెక్షన్ టైమౌట్’ ఎందుకో అంతుపట్టలేదు. మొన్నీమధ్య చేరిన అమ్మాయి ఫైర్‌వాల్‌లో మూసేసిన, మెయిళ్లు బయటికెళ్లే 587 పోర్టును తెరిపించింది. మేనేజర్ ఆమెను మెచ్చుకుంటుంటే అతనికి కడుపు మండిపోయింది.

అంతలో లాగ్‌లో ‘అథెంటికేషన్ ఫెయిల్డ్’ అని వచ్చింది.

“చూశారా సార్, మళ్లీ మొదటికే వచ్చింది!” అన్నాడు సీనియర్ సంబరంగా.

“లేదన్నా. ఇందాక మెయిల్ సర్వర్ దాకా చేరనేలేదు. ఇప్పుడు చేరాం, పాస్‌వర్డ్ తప్పని లోపలికి రానివ్వట్లేదు. సెట్టింగ్స్‌లో ఉన్న ఈ ఐడీ ఎవరిది?”

ఐడీ సీనియర్‌దే. అదే ఐడీ నుంచి ఆమె మీద మేనేజర్‌కు రాసిన ఫిర్యాదును సెట్టింగ్స్‌లోని పాస్‌వర్డ్‌తో తెరిచి ఆమె చదివేస్తుందేమోనని నిన్ననే పాస్‌వర్డ్ మార్చిందీ అతనే.