తప్పుల పట్టీ మీద రెండు పొడి సంతకాలు

మా నీటి పరీక్షల ఆఫీసులో ఆమెకు భూతద్దం గారని పేరు. ఆ పేరు ఆమెకు తెలియదని చాలాకాలం అనుకున్నాం. ఒకరోజు స్టోరు గుమాస్తా ఆమె టీ కప్పు మీద చిలిపిగా ‘బూతద్దం’ అని రాసిపెట్టాడు. ఆమె కప్పు ఎత్తి చూసి, చల్లగా, “బ కింద ఒత్తు పెట్టు నాయనా, తిట్టేదేదో తప్పుల్లేకుండా తిట్టు” అంది. అప్పట్నుంచి ఎదురుగానే పిలవడం మొదలుపెట్టాం.

నేను సీసాలకు చీటీలు అంటించే మనిషిని. నా బల్ల ఆమె బల్ల పక్కనే. అందుకని ఈ సంగతి మొదటినుంచీ కళ్లారా చూశాను.

ఊళ్లో బావుల, పంపుల నీళ్లు పరీక్షించి మూడు నెలలకోసారి పైవాళ్లకు రిపోర్టు పంపడం మా పని. రిపోర్టు గడప దాటే ముందు ఆమె పట్టీ దాటాలి. ఒకే కాగితం, నాలుగు గళ్లు. మొదటిది అక్షరదోషాలు. ‘బావి’ బదులు ‘బావ’ అని పడితే కంప్యూటరు కిక్కురుమనదు, దానికి రెండూ మంచి మాటలే. ఒకసారి ‘ఈ బావ నీళ్లు తాగడానికి పనికిరావు’ అని అచ్చయి వస్తే, ఆమె నవ్వాపుకోలేక దిద్దింది. రెండోది కాలాలు. జరిగిపోయిన పరీక్ష ‘చేశాం’ అనుండాలి, బావి ఇప్పటి స్థితి ‘ఉంది’ అనుండాలి, ఇకముందు చేయాల్సింది ‘చేయాలి’ అనుండాలి. ఒకే పేరాలో ‘సేకరించాం’ పక్కన ‘సేకరిస్తాం’ కనిపిస్తే ఆమె కనుబొమలు కలిసిపోయేవి. మూడోది అంకెలు, నాలుగోది తేదీలు.

చివరి రెండు గళ్లకు మాత్రం ఇద్దరు కావాలి. రిపోర్టులోని పట్టికలో పడిన తప్పే కింది వాక్యంలోకీ దిగితే, అవి రెండూ పోట్లాడుకోవు, చక్కగా కలిసిపోతాయి. అసలు రిజిస్టరుతో సరిచూస్తేనే దొంగ దొరుకుతుంది. కాబట్టి ఆమె రిపోర్టు పైకి చదివేది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన రిజిస్టరులో అదే అంకె మీద వేలు పెట్టి “ఊ” అనేవాడు. గడి పూర్తయితే పక్కపక్కన రెండు పొడి సంతకాలు.

పదిహేనేళ్లు అలాగే సాగింది. పెద్దాయనను ఆమె అన్నయ్యా అనేది. సొంత అన్న కాదు, అయినా ఆయన కూతురి పురిటికి ఆస్పత్రిలో రెండు రాత్రులు కూర్చున్నది ఈమే. “మా అన్నయ్య ఊ అన్నాడంటే నాకు ముద్ర పడ్డట్టే” అని గొప్పగా చెప్పుకునేది.

అలాంటిది ఒకరోజు పైనుంచి ఉత్తరం వచ్చింది. ఒక వీధి పంపు నీళ్లలో ఫ్లోరైడు 2.1 ఉందని మా రిపోర్టు చెప్పింది. హద్దు ఒకటిన్నర కనుక పంపుకు తాళం పడింది. తొమ్మిది రోజులు ఆ వీధి ఆడవాళ్లు పక్క వీధికి బిందెలు మోశారు. వాళ్ల గొడవ భరించలేక మళ్లీ పరీక్ష చేయిస్తే 1.2 వచ్చింది. మా రిజిస్టరు తీశాం. అందులోనూ 1.2 అని గుండ్రంగా ఉంది.

హెడ్డు సారు ఇద్దర్నీ పిలిచాడు. తలుపు తీసే ఉంది, నా చెవులూ తీసే ఉన్నాయి.

“సంతకాలు మీవే కదా ఇద్దరివీ?”

“మావేనండీ” అందామె. “అన్నయ్యా, చెప్పండి.”

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. “ఆవిడ ఒకటి పాయింట్ రెండు అనే చదివారండీ. రిజిస్టరులో అదే ఉంది, నేను ఊ అన్నాను. కాగితంలో ఏముందో నాకెలా తెలుస్తుంది సార్? వయసు మీద పడుతోంది కదండీ ఆవిడకీ.”

ఆమె ఏమని వాదిస్తుంది? ఆ రిపోర్టు సరిచూసిన రోజు గదిలో ఉన్నది వాళ్లిద్దరే. నేను సెలవులో ఉన్నాను.

“మళ్లీ ఒక్క తప్పు దొర్లిందంటే, మీరు చీటీల బల్లకు మారాల్సి ఉంటుందమ్మా” అన్నాడు సారు. చీటీల బల్లంటే నాదే. ఆమె నా బల్లకే రావడం నాకు సంతోషమే, కానీ ఆమెకు అది ఉరికంబంతో సమానమని తెలుసు.

ఆమెకు పెద్దాయన మీద అనుమానమే రాలేదు, తన మీదే వచ్చింది. కళ్ల డాక్టరు దగ్గరికెళ్లింది, కళ్లు బాగానే ఉన్నాయన్నాడు. ఇంట్లో పప్పు డబ్బాల మీది ధరలు పైకి చదివి, “తిరగేసి చదువుతున్నానా చూడండి” అని భర్తను నిలబెట్టిందట. “డబ్బాలు సరిగ్గానే చదువుతున్నావు, నన్నే చదవడం మానేశావు” అన్నాడట ఆయన. ఆ మాట నాకు చెబుతూ నవ్వబోయి, కళ్లు తుడుచుకుంది.

తర్వాతి రిపోర్టు రోజు వచ్చింది. ఎప్పట్లాగే ఎదురెదురుగా కూర్చున్నారు. పెద్దాయన రిజిస్టరు నిలబెట్టి పట్టుకున్నాడు. ఆమె ఇరవై అంకెలు చదివింది, ఇరవై ఊలు వచ్చాయి. ఒకచోట చిన్న సందేహం కలిగి కాగితం మీంచి తల ఎత్తింది. పెద్దాయన కళ్లు కిందికి దిగడం లేదు, ఒకేచోట అడ్డంగానూ నిలువుగానూ తిరుగుతున్నాయి. రిజిస్టరు మధ్యలోంచి న్యూస్‌పేపరు అంచు కనబడుతోంది. గళ్ల నుడికట్టు.

ఆమె గొంతు మారలేదు. అదే తూకంలో చదివింది.

“నమూనా సేకరించిన తేదీ, ఫిబ్రవరి ముప్పై.”

“ఊ.”

నా చేతిలో చీటీ సీసాకు బదులు నా బొటనవేలికి అంటుకుంది.

“బావి లోతు, మా అత్తగారి వయసు.”

“ఊ.”

“మా అన్నయ్య నన్ను ముంచిన రోజు, మొన్నటి సోమవారం.”

“ఊ” అన్నాడు పెద్దాయన, పెన్సిలుతో ఏదో గడి నింపుతూ.

ఆమె తేదీల గడిలో ‘ఫిబ్రవరి 30 సరిచూశాం’ అని రాసి పట్టీ ముందుకు తోసింది. ఆయన చూడకుండానే పొడి సంతకం గీకేశాడు.

“ఒకసారి చదవండి” అంది.

చదివాడు. “చెల్లెమ్మా… ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరవుతున్నాను. ఎవరికీ చెప్పకు.”

“ఎన్నాళ్లనుంచి?”

ఆయన పేపరును లోపలికి తోసి రిజిస్టరు మూశాడు.

“చూడలేదని ఆరోజే ఒప్పుకునుంటే, తప్పు ఇద్దరం పంచుకునేవాళ్లం. మీరు దాన్ని నా కళ్ల మీదకు తోశారు. వెళ్లి సారుకు మీరే చెప్పండి. పది నిమిషాలు ఆగుతాను.”

గోడ గడియారం పది నిమిషాలూ తిరిగింది. పెద్దాయన కుర్చీకి అతుక్కుపోయాడు. ఆమె పట్టీ తీసుకుని లేచింది.

సారు ముందు నవ్వాడట, ఆ తర్వాత నవ్వు ఆగిపోయిందట. సాయంత్రానికల్లా పెద్దాయన చీటీల బల్లకు, అంటే నా పక్కకు, వచ్చాడు. ఆమె కుర్చీ ఆమెకే మిగిలింది. మెచ్చుకోడానికి వెళ్తే, ఆమె పాత రిజిస్టర్లు బల్ల మీద దొంతరగా పేర్చుకుంటోంది.

“పదిహేనేళ్లు, ఏడాదికి నాలుగు” అంది. “అరవై రిపోర్టులు. అన్నింటి మీదా నా సంతకం ఉంది. వాటిలో ఆయన నిజంగా చూసినవి ఎన్ని?”

గెలిచిన మనిషి మొహం అలా ఉండదు.

ఇప్పుడు భోజనాల వేళ ఆమె ఆ పాత రిపోర్టులు మళ్లీ చదువుతుంటే రిజిస్టరు పట్టుకునేది నేను. పట్టీలో కొత్త నియమం చేరింది. వినేవాళ్లు ఊ అనకూడదు, రిజిస్టరులో ఉన్న అంకెను తమ నోటితో తిరిగి చెప్పాలి. పెద్దాయన అటువైపు కూర్చుని తింటాడు. ఆమె ఆయనను ఇప్పుడు ‘గారూ’ అంటుంది.

నిన్న పదకొండో రిపోర్టు మధ్యలో నాకు కాస్త కునుకు పట్టింది.

“ఐదో బావి, సున్నా పాయింట్ నాలుగు” అందామె.

“ఊ” అన్నాను.

ఆమె పెన్ను కింద పెట్టింది. అటుపక్క బల్ల దగ్గర పెద్దాయన చేతిలో ముద్ద ఆగిపోయింది. నేను వేలితో గీత వెతుక్కుని, మొదటి బావినుంచి మళ్లీ మొదలుపెట్టమన్నాను.