డబ్బా వెనకవైపు

మార్కాపురంలో మా ఆవిడ బ్యూటీపార్లర్ నడుపుతుంది. కుర్చీలు రెండు, అద్దాలు రెండు, మొగుణ్ణి నేనొక్కణ్ణి. సరుకు తెచ్చేదీ, డబ్బాల మీది ఇంగ్లీషును తెలుగు చేసి వచ్చినవాళ్లకు వినిపించేదీ నేనే. నా నోట పడితే షాంపూ సీసా కూడా హరికథ అయిపోతుంది. ఆ హరికథే ఒక తల్లి కళ్లు మూయించింది.

త్రిపురాంతకం దగ్గరి పల్లెలో గొర్రెలు పెంచుకునే ఇంటి ఇల్లాలు ఒకామె గురువారం పొద్దున వచ్చింది. సోమవారం కూతురి పెళ్లి. జుట్టుకు రంగు వేయించుకోవడం జన్మలో అదే మొదలు. మా ఆవిడ గిన్నెలో రంగు కలపబోతుంటే ఆమె ఎడమ చెయ్యి చాపింది. ఒకసారి తిరునాళ్లలో నల్ల గోరింటాకు పెట్టించుకుంటే చెయ్యంతా బొబ్బలెక్కిందట, ఇది కూడా అట్లే చేస్తుందా అని అడిగింది.

మా ఆవిడ చెయ్యి ఆగిపోయింది. చెవి వెనకాల చుక్కంత రాసి రెండు రోజులు చూద్దాం, శనివారం రమ్మందాం అంది. పెళ్లింటి మనిషిని శనివారం మళ్లీ రమ్మంటే పక్క పార్లర్‌కు పోతుందని నా భయం. డబ్బాను హారతి పళ్లెంలా ఎత్తిపట్టాను. దాని మీద ఎంత పచ్చదనమంటే, దోర్నాల దాటాక మొదలయ్యే అడవంతా అందులోకే కాపురం వచ్చినట్టుంది.

"అది కెమికల్ అక్కా. ఇది నేచురల్. క్లీన్. ఇదిగో, హైపోఅలెర్జెనిక్ అని రాసినారు, అంటే దురదన్నదే రాదు. చర్మం డాక్టర్లు పరీక్ష చేసి మరీ పంపినారు."

ఆమె నమ్మింది. మా ఆవిడ నావైపొకసారి చూసి, రంగు పూసింది.

శనివారం పొద్దున ఆమెను భర్త ఆటోలో తీసుకొచ్చాడు. నుదురు ఉబ్బి, చెవులు ఎర్రబడి రసి కారుతున్నాయి. కళ్లున్న చోట రెండు బోండాలు. ఉన్నవి ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదని ఊరంతా అంటుంది. ఆ ముఖానికి మాత్రం నేను కలిపి చెప్పగలిగింది ఏమీ లేదు. ఆమె తలుపు చట్రం తడుముకుంటూ లోపలికొచ్చింది. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అన్నా, సోమవారానికి కండ్లు తెరుసుకుంటాయా? తాళి కట్టేది చూడాల."

చర్మం డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఆయన తల కడిగించి, మాత్రలు రాసి, ఆ డబ్బా తెమ్మన్నాడు. తెచ్చి, అలవాటు కొద్దీ ముందువైపు చూపించాను. ఆయన తిప్పాడు. వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో పారా ఫినైలిన్ డయమిన్, జుట్టుకు నలుపెక్కించే రసాయనం. గోరింటాకు సంగతి చెబితే, తిరునాళ్లలో ఆమె చెయ్యి కాల్చిందీ దాదాపు ఖాయంగా ఇదేనన్నాడు. ఒకసారి పడలేదని ఒళ్లు గుర్తు పెట్టుకుంటే మళ్లీ తగిలినప్పుడు ఊరుకోదట.

మరి ముందువైపు రాసిందంతా ఏందని అడిగాను.

"నేచురల్ అంటే అందులో ఆకుపొడి కూడా ఉందని. మిగతాదంతా ఆకే అని కాదు. క్లీన్ అంటే ఏందో ఏ చట్టమూ చెప్పలే, కంపెనీ ఏదనుకుంటే అది. హైపో అంటే తక్కువ. ఎంత తక్కువ, దేనికంటే తక్కువ అని అడిగేవాళ్లు లేరు. రాదని మాత్రం కాదు."

"డాక్టర్లు పరీక్ష చేసినారని..."

"చేసి ఉంటారు. ఎంతమందికి పూసినారు, ఎందరికి దురద పెట్టింది, అది రాసినారా? పరీక్ష రాసినాడంటే పాసైనట్టా నాయనా?"

ఆయన వేలు ఇంకొంచెం కిందికి జరిగింది. ఈ రంగు కొందరి చర్మానికి పడకపోవచ్చు, ముందుగా కొద్దిగా రాసి చూసుకోవాలి అని అక్కడుంది. శుద్ధమైన తెలుగులో. ఇన్నేళ్లు ముందువైపు ఇంగ్లీషుకు అర్థాలు చెప్పిన పండితుణ్ణి, వెనకవైపు తెలుగును ఒక్కసారీ చదవలేదు. అసలు బొబ్బలొచ్చిన మనిషికి చెవి వెనకాల చుక్క కూడా పెట్టకూడదట, ఈ రంగు జోలికే పోకూడదట. సోమవారం సంగతి అడిగితే, వాపు తగ్గాలి, చూద్దాం అన్నాడు.

ఆదివారం రెండుసార్లు ఆ పల్లెకు పోయాను. మొదటిసారి కళ్లు మూసే ఉన్నాయి. రెండోసారీ మూసే ఉన్నాయి. పందిట్లో పెళ్లికూతురే తల్లి కళ్ల మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చుంది, నన్ను చూసి తల తిప్పుకుంది. తిరిగొచ్చేసరికి మా ఆవిడ పార్లర్‌లో బడిపలక ఒకటి తెచ్చి అద్దం పక్కన మేకుకు తగిలించి, దాని మీద సుద్దతో గీతలు కొడుతోంది: పేరు, చుక్క పెట్టిన రోజు, మళ్లీ రావాల్సిన రోజు, ఇంతకుముందు ఏమైనా పడలేదా.

సోమవారం పెళ్లిలో చివరి వరసలో, స్తంభం చాటున నిలబడ్డాను. మేళం జోరందుకుంది. ఆమె కుడికన్ను గోటితో గీసినంత సందు తెరుచుకుంది. ఎడమది లేదు. ఆ తెరుచుకున్న రెప్పను రెండు వేళ్లతో పైకెత్తి పట్టుకుని, మూడు ముళ్లూ పడేదాకా వదల్లేదు.

అక్షింతలు వేసి దగ్గరికి పోయాను. రెప్ప మీద నుంచి వేళ్లు తియ్యకుండానే నావైపు తిరిగింది.

"చూసినాలే అన్నా. నువ్వు కూడా కనపడ్తాండావు, ఇంక దాక్కోమాక."