ముదస్సిర్ చెరిపేసిన వాక్యం

ఆదోనిలో దుకాణాల బోర్డులు రాసే పెయింటర్ చోటే సాబ్‌కు ఒక పట్టింపు ఉండేది. చివరి గీత పడేదాకా బోర్డు మీద గోనెపట్టా కప్పే ఉంచేవాడు. "సగం బొమ్మ గిరాకికి సూపిస్తే, మనల్ని సగం పనోడే అంటాడురా" అని కొడుకు ముదస్సిర్‌కు నూరిపోసి మరీ కన్నుమూశాడు. కొడుకు కుంచె వదిలి, కంప్యూటర్‌లో బొమ్మలు కదిలించే పనిలోకి వచ్చాడు గాని ఆ పట్టింపు వదల్లేదు. మంచి పనివాడే, కాదనను. ఉత్త మొండివాడు.

ఎమ్మిగనూరు గురుదత్ అతనికి ఒక యానిమేషన్ అప్పగించాడు. గురుదత్ తల్లి పద్మాబాయి బడిపంతులమ్మ. తల్లిని వెతుక్కుంటూ పుట్టి పడవ ఎక్కి తుంగభద్ర దాటిన మేకపిల్ల కథను ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పింది. ఆమె ఆదోనిలో పనిచేసినప్పుడు ముదస్సిర్ కూడా విన్నాడు. ఇప్పుడామె మంచాన పడింది. డాక్టర్లు చేతులెత్తేశారు. కన్ను మూతపడకముందే ఆ మేకపిల్లను ఆమెకు చూపించాలని కొడుకు ఆరాటం. ఇంకా ఎందుకాలస్యమని మెయిల్ పెట్టాడు.

ముదస్సిర్ జవాబు రాశాడు.

"గురుదత్ అన్నా, బొమ్మల కదలికలన్నీ అయిపోయాయి. మిగిలింది ఫైనల్ రెండరింగే, అంటే ఒక్కో బొమ్మకూ వెలుగునీడలు అద్ది వీడియోగా తీయడమే. సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములు. మూడు నిమిషాలకు నాలుగు వేల మూడు వందల ఇరవై. వెలుగు నీళ్ల మీదా, మేకపిల్ల బొచ్చు మీదా ఎలా పడుతుందో లెక్కగట్టడానికి ఒక్కో ఫ్రేముకు ఎనిమిది నిమిషాలు. ఉన్నది ఒక్క కంప్యూటరు. ఆపకుండా నడిపినా ఇరవై నాలుగు రోజులు. వెలుగు లెక్క తగ్గించి, బొమ్మ మీద మిగిలే చుక్కలను సాఫ్ట్‌వేర్‌తో తుడిపిస్తే తొమ్మిది రోజులు. ఫ్రేము సైజు కూడా తగ్గిస్తే నాలుగు. ఫోనులో తేడా పెద్దగా తెలియదు. ఏది చేయమంటారు?"

దాని కింద ఇంకో వాక్యం ఉంది: "నీడలూ మెరుపులూ లేకుండా ముతకగా అయితే గంటలో ఇస్తాను." అక్షరాలు దిద్దించిన పంతులమ్మకు ముతక బొమ్మ చూపించడమా? ప్రాణం ఒప్పలేదు. ఆ వాక్యం చెరిపేసి మెయిల్ పంపాడు.

గురుదత్ నాలుగు రోజులదే చేయమన్నాడు. మూడోనాటి మధ్యాహ్నం పద్మాబాయి పోయింది.

కబురు తెలిసి ముదస్సిర్ ఎమ్మిగనూరు బస్సెక్కాడు. దారంతా ఏడుస్తూనే ఉన్నాడు. అరుగు మీద కూర్చున్న గురుదత్ అతణ్ణి చూసి పక్కకు జరిగాడు.

"పొద్దున కూడా అడిగిందప్పా, మేకపిల్ల ఒడ్డు సేరిందా అని. రేపు సూద్దువులేమ్మా అంటి."

ముదస్సిర్ చెప్పులు విడిచి అతని పక్కన కూర్చున్నాడు.

"నీ తప్పేముందిలే. నువ్వు అన్నీ ఇవరంగా రాసినావు. అంతకన్నా బిరీన అయ్యే దావ లేకపాయె."

అవునని ఊరుకుంటే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. కాని ఆ ఇంటి గుమ్మంలో అతని నోట అబద్ధం పలకలేదు.

"దావ ఉండె అన్నా," అన్నాడు. "గంట పని."